ఆయిల్ తెల్లబడింది, కూలెంట్ తగ్గుతోంది: హెడ్ దించకముందే గాస్కెట్ సంగతి తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: అన్నగారూ, మాది అమలాపురం దగ్గర. కొబ్బరికాయలు తోలే నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ పికప్ ఉంది. వారానికి అర లీటరు దాకా కూలెంట్ తగ్గుతోంది, బండి కింద మాత్రం తడి లేదు. నిన్న ఆయిల్ గేజ్ లాగి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. రిజర్వాయర్‌లో నూనె తెట్టు లేదు. మెకానిక్ హెడ్ దించాల్సిందే అంటున్నాడు. హెడ్ గాస్కెట్టే పోయిందని దించకముందే ఎలా ఖాయం చేసుకోవాలి? అంతవరకు బండి తోలొచ్చా?

జవాబు:

తోలొద్దండి. షెడ్డుకు తీసుకెళ్లాలన్నా తాడు కట్టి లాగించండి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల దగ్గర పొరగా నిలవదు. పైగా కూలెంట్‌లోని గ్లైకాల్ ఆయిల్‌తో కలిసి జిగురుగా మారి ఫిల్టర్‌ని మూసేస్తుంది. గాస్కెట్‌తో పోయే పనిని క్రాంక్ దాకా తెచ్చుకునేది ఈ "ఇంకో రెండు ట్రిప్పులు" దగ్గరే.

మీ మెకానిక్ అన్నది నిజమే కావచ్చు. కానీ ఆయిల్ తెల్లబడిందన్న ఒక్క ఆధారంతో హెడ్ దించకూడదు. మీ రకం ఇంజన్లలో బ్లాకు పక్కన ఆయిల్ కూలర్ ఉంటుంది. దానిలో ఒక పక్క ఆయిల్, ఇంకో పక్క కూలెంట్ తిరుగుతాయి. అది చిల్లుపడినా ఇదే రంగు వస్తుంది. తడి లైనర్ల ఇంజన్ అయితే లైనర్ అడుగున ఉండే రబ్బరు రింగులు పోయినా ఇంతే. ఆ రెండింటికీ హెడ్ గాస్కెట్ మార్చి ఉపయోగం లేదు. హెడ్ దించి, గాస్కెట్ వేసి, తిరిగి బిగించాక మళ్లీ ఆయిల్ తెల్లబడిన బండ్లు మన గోదావరి జిల్లాల షెడ్లలో కొత్తేమీ కాదు.

ఇంకో మాట. ఈమధ్య లంకల్లో వరద నీళ్లలో బండి దిగిందా? దిగితే గాలి ఫిల్టర్ గుండానో, బ్రీదర్ గుండానో, ఆయిల్ గేజ్ గొట్టం గుండానో నీళ్లు లోపలికి పోయి ఉండొచ్చు. కానీ అలా పోయినవి ఒకసారికే పోతాయి, కూలెంట్‌ని వారం వారం తగ్గించవు. అలాగే దగ్గర దగ్గర తిరిగే బండికి చలికాలంలో ఆయిల్ పోసే మూత అడుగున తెల్లటి నురగ పడుతుంది, అది ఆవిరి చెమ్మ. గేజ్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి కూలెంట్ తగ్గకపోతే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. మీ బండికి గేజ్ మీద ఆయిల్ తెల్లబడటం, కూలెంట్ తగ్గడం రెండూ ఉన్నాయి కాబట్టి కూలెంటే ఆయిల్‌లోకి పోతోందని ముందుగా అనుకుని, ఏ దారిన పోతోందో వెతకాలి.

ఆ దారులు మూడు రకాలు. వాటి తేడా తెలిస్తే మిగతా పరీక్షలన్నీ సులువుగా అర్థమవుతాయి.

మొదటిది, ఒత్తిడితో ఆయిల్ నడిచే దారికీ నీటి దారికీ మధ్య తెగడం. ఆయిల్ కూలర్ చిల్లు ఈ రకం. హెడ్‌కి ఆయిల్ ఎక్కే రంధ్రం పక్కన గాస్కెట్ తెగినా ఈ రకమే. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి సుమారు 3, 4 బార్లు ఉంటే కూలెంట్ ఒత్తిడి 1 బార్ చుట్టుపక్కలే ఉంటుంది. అందుకని నడుస్తున్నంతసేపూ ఆయిలే కూలెంట్‌లోకి పోయి రిజర్వాయర్‌లో తెట్టు కడుతుంది. తాళం తిప్పి ఇంజన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి సున్నా. కూలెంట్ మాత్రం వేడి మీద ఇంకా కొంతసేపు ఒత్తిడితోనే ఉంటుంది కాబట్టి అప్పుడు కూలెంట్ ఆయిల్‌లోకి జారుతుంది. అంటే రెండు పక్కలా కల్తీ.

రెండోది, ఒత్తిడి లేకుండా ఆయిల్ కిందికి జారే దారికీ నీటి దారికీ మధ్య తెగడం. హెడ్ నుంచి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి దిగే ఆయిల్ రిటర్న్ రంధ్రాలు ఇవి. ఇక్కడ ఆయిల్‌కి తోసే బలం లేదు, కాబట్టి ఎప్పుడూ కూలెంటే ఆయిల్‌లోకి పోతుంది. రిజర్వాయర్ మాత్రం శుభ్రంగా ఉంటుంది.

మూడోది, సిలిండర్‌కీ నీటి దారికీ మధ్య తెగడం. నడిచేటప్పుడు మండిన గ్యాసు కూలెంట్‌లోకి దూరుతుంది. రేడియేటర్‌లో బుడగలు వస్తాయి, తెల్లారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే, వేడెక్కకముందే, పై హోసు గట్టిపడుతుంది. ఆపాక కూలెంట్ సిలిండర్‌లోకి కారి, రింగుల పక్కనుంచి ఛాంబర్‌లోకి దిగుతుంది. మర్నాడు పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు ఒక సిలిండర్ పలకదు, తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంది.

మీ రిజర్వాయర్‌లో తెట్టు లేదన్నారు. దాన్నిబట్టి కూలర్ మీద అనుమానం తగ్గుతుంది, రెండో దారి మీద, మూడో దారి మీద పెరుగుతుంది. కానీ తగ్గడం వేరు, తేలడం వేరు. చిల్లు చిన్నదైతే కూలెంట్‌లో ఆయిల్ కంటికి ఆనకపోవచ్చు.

ఇప్పుడు పని మొదలుపెడదాం. బండిని సమానమైన నేల మీద రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే ఆయిల్ గేజ్ మట్టం చూడండి. చాలా బండ్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా సుమారు ఒక లీటరు. వారానికి అర లీటరు కూలెంట్ నిజంగా ఛాంబర్‌లోకే పోతుంటే మట్టం పైకి జరగాలి. వేడి ఆయిల్‌లోంచి నీళ్లు కొంత ఆవిరైపోతాయి కాబట్టి లెక్క సరిగ్గా కుదరదు, అయినా పెరుగుదల తెలియాలి. మట్టం అసలు పెరగలేదంటే కూలెంట్‌లో ఎక్కువ భాగం వేరే చోటికి, బహుశా పొగ గొట్టం గుండా, పోతోందన్నమాట.

తర్వాత ఛాంబర్ నట్టు పూర్తిగా విప్పకుండా కొంచెం వదులు చేసి, గాజు సీసా పట్టండి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి ఆయిల్‌తో కలవకుండా మిగిలింది అడుక్కి దిగి ముందు వస్తుంది. రంగు కూలెంట్ వాడేవాళ్లకి ఆ రంగే కనిపిస్తుంది. బోరు నీళ్లు పోసేవాళ్లకి తుప్పు రంగు నీళ్లు వస్తాయి. నీళ్లు విడిగా రాకపోతే ఆ ఆయిల్ చుక్క ఒకటి వేడెక్కిన ఇనుప గరిట మీద వేయండి, మొహం దూరంగా పెట్టుకుని. చిటపటలాడితే నీరుంది. అయితే ఏ దారిన వచ్చిందో అది చెప్పదు.

అది చెప్పేది చల్లటి ఇంజన్ మీద చేసే ప్రెషర్ టెస్ట్. నా దృష్టిలో ఈ సమస్యకి ఇదే అసలు పరీక్ష. రేడియేటర్ మూత స్థానంలో బిగించి చేత్తో కొట్టే పంపు, దానిమీద ఒక మీటరు ఉంటాయి. మంచి షెడ్లలో దొరుకుతుంది. మీ మూత మీద 0.9 అనో 1.1 అనో బార్లలో రాసి ఉంటుంది. అంతవరకే కొట్టాలి, ఎక్కువ కొడితే బాగున్న రేడియేటరే చిట్లుతుంది. ఇంజన్ మాత్రం పూర్తిగా చల్లగా ఉండాలి. వేడి ఇంజన్ మీద కొడితే అది చల్లారేకొద్దీ ఒత్తిడి దానంతటదే పడిపోతుంది, లీకు లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇరవై, ముప్పై నిమిషాలు ఆగి మీటరు చూడండి. పడిపోతుంటే ముందు బయట వెతకండి: వాటర్ పంపు కింద చిన్న రంధ్రం, హోసు క్లిప్పులు, క్యాబిన్‌లో హీటర్ ఉంటే కాళ్ల దగ్గర మ్యాట్ కింద. బయట పొడిగా ఉండి మీటరు దిగుతుంటే లీకు లోపలే.

ఇక్కడే చాలామంది ఆపేసి "హెడ్ గాస్కెట్" అని తీర్పు చెబుతారు. అలా ఆపకండి. ఆయిల్ మొత్తం దించేసి, నట్టు తీసి ఉంచి, కింద తెల్లటి పళ్లెం పెట్టి, మళ్లీ ఒత్తిడి కొట్టి వదిలేయండి. మీ లీకు లెక్క ఇలా వేసుకోవచ్చు: వారానికి అర లీటరంటే రోజుకి 70 మిల్లీలీటర్లు. బండి రోజుకి ఆరు గంటలు ఒత్తిడి మీద ఉంటుందనుకుంటే గంటకి 12 మిల్లీలీటర్ల దాకా. చుక్కల్లో చెప్పాలంటే నిమిషానికి మూడు, నాలుగు. అంటే ఛాంబర్‌లోకే పోతుంటే కూర్చుని చూసేంత స్పష్టంగా పడాలి. మొదట గోడలకంటిన ఆయిల్ పడుతుంది, దానికి కంగారు పడకండి. గంట తర్వాత కూడా నీళ్లు పడకపోతే ఒత్తిడి అలాగే నిలబెడుతూ రాత్రంతా ఉంచండి.

ఇంకా ఒత్తిడి ఉండగానే హీటర్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఆ రంధ్రాల్లోకి చిన్న కెమెరా దింపి చూడొచ్చు. ఫోనుకి తగిలించే సన్న కెమెరాలు ఇప్పుడు చవకే, కాకపోతే హీటర్ ప్లగ్ రంధ్రం సన్నం కాబట్టి అందులో పట్టే సైజు చూసుకోవాలి. పట్టకపోతే ఇంజెక్టర్ విప్పి చూడటమే. మిగతా పిస్టన్లు నల్లగా ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వస్తున్నాయి. కెమెరా లేకపోతే ప్లగ్గులు తీసే ఉంచి, అందరినీ పక్కకి తప్పించి, సెల్ఫ్ కొట్టండి. నీళ్లుంటే ఏ రంధ్రంలోంచి చిమ్ముతాయో తెలుస్తుంది. ప్లగ్గులు బిగించి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లు నిండి ఉంటే నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఇక అందరూ చెప్పే నీలం మందు పరీక్ష. రేడియేటర్ మీద గాజు గొట్టం పెట్టి, లోపలి గాలిని నీలం రంగు ద్రావణం గుండా లాగుతారు. మండిన గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే రంగు మారుతుంది. పెట్రోల్ ఇంజన్‌కి పసుపు, డీజిల్‌కి ఆకుపచ్చ వైపు. దీనితో రెండు చిక్కులున్నాయి. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో చాలా ఎక్కువ గాలి పీలుస్తుంది, పొగలో కార్బన్ డయాక్సైడ్ పెట్రోల్ బండితో పోలిస్తే చాలా తక్కువ. అందుకని ఐడిల్‌లో ఒక నిమిషం చూసి "రంగు మారలేదు" అంటే కుదరదు. చల్లటి ఇంజన్ మీదే మూత తీసి, కూలెంట్‌ని రెండు అంగుళాలు తగ్గించి, అప్పుడు స్టార్ట్ చేసి వేడెక్కించి, రేసు పెంచి ఉంచి చూడాలి. కూలెంట్ ద్రావణంలోకి ఎక్కితే ఆ ద్రావణం పనికిరాదు. అది బాగానే పని చేస్తోందా అని ముందుగా పొగ గొట్టం దగ్గర లాగి చూసుకోవచ్చు. అన్నట్టు, ఇది ఇంజన్ నడిపి చేసే పరీక్ష కాబట్టి చెడిన ఆయిల్ దించి, కొత్త ఆయిల్ పోసి, సిలిండర్లలో నీళ్లు లేవని తేల్చుకున్నాకే చేయాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఈ మందు పట్టేది మూడో దారినే. గాస్కెట్ నీటి రంధ్రానికీ ఆయిల్ రిటర్న్ రంధ్రానికీ మధ్య తెగితే కూలెంట్‌లోకి గ్యాసు రానే రాదు. మందు నీలంగానే ఉంటుంది, కంప్రెషన్ నాలుగు సిలిండర్లకీ సమానంగా వస్తుంది, గాస్కెట్ మాత్రం పోయే ఉంటుంది. ఆయిల్ తెల్లబడిన బండి మీద రంగు మారితే నమ్మండి, మారకపోతే దాన్ని పక్కన పెట్టండి.

ఇలాంటిదే భీమవరం నుంచి ఆకివీడు వైపు రొయ్యల మేత తోలే పికప్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. రిజర్వాయర్ శుభ్రం. నీలం మందు రేసు మీద కూడా మారలేదు. కంప్రెషన్ సమానం. ఇంకో షెడ్డులో చూసినవాళ్లు గాస్కెట్ బాగానే ఉందని, ఆయిల్ కూలర్ మార్చమని చెప్పారట. ఓనరు కొత్త కూలర్ కొనేసి చేత్తో పట్టుకొచ్చారు. చల్లటి ఇంజన్ మీద 0.9 బార్ కొడితే ఇరవై నిమిషాల్లో 0.7కి దిగింది, బయట ఎక్కడా తడి లేదు. ఛాంబర్ నట్టు దగ్గర చుక్కలు పడ్డాయి. హీటర్ ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొడితే ఏ రంధ్రంలోంచీ నీళ్లు రాలేదు.

అప్పుడు చేసిన పని మీరూ చేయించండి. ఆ బండిలో ఆయిల్ కూలర్‌కి నీళ్లు రెండు హోసుల ద్వారా వస్తాయి. ఆ రెండు హోసుల్నీ కూలర్ దగ్గర ఊడదీసి, మధ్యలో గొట్టం ముక్క పెట్టి ఒకదానికొకటి కలిపి క్లిప్పులు వేశాను. ఇక కూలర్‌లోకి నీరే వెళ్లదు. మళ్లీ 0.9 కొట్టాను. చుక్కలు ఆగలేదు. కూలర్ నిర్దోషి అని ఓనరు కళ్లముందే తేలింది. ఆ చుక్కలు ఆగి ఉంటే హెడ్ జోలికి వెళ్లేవాణ్నే కాదు. కొన్ని ఇంజన్లలో కూలర్ నేరుగా బ్లాకుకే బిగించి ఉంటుంది, హోసులుండవు. వాటిలో కూలర్ విప్పి, ఆయిల్ దారి ఒకవైపు మూసి, ఇంకోవైపు గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూడాలి.

తర్వాత ఛాంబర్ దించాం. ఇంజన్ బండి పొడవునా కూర్చునే బండ్లలో దీనికి ఇంజన్‌ని కొంచెం లేపాల్సి రావచ్చు, పని ఎక్కువే, కానీ ఇక్కడ దొరికే సమాధానం ఇంకెక్కడా దొరకదు. క్రాంక్ అంతా తుడిచి, ఒత్తిడి కొట్టి, టార్చి వేసి పైకి చూస్తే చివరి సిలిండర్ పక్కన ఆయిల్ రిటర్న్ రంధ్రంలోంచి నీరు జారుతోంది. సిలిండర్ల గోడలు పొడిగా ఉన్నాయి. లైనర్ అడుగునా తడి లేదు. పైన ట్యాపెట్ కవర్ కూడా విప్పి చూశాం. హెడ్ పైభాగంలో ఎక్కడా నీళ్లు లేవు. పైన పొడి, కింద రిటర్న్ రంధ్రంలో తడి. అంటే నీరు ఆ రంధ్రంలోకి మధ్యలోనే చేరుతోంది: హెడ్, బ్లాకు కలిసే చోట గాస్కెట్ దగ్గర, లేదా ఆ రంధ్రం గోడలో హెడ్ పగిలిన చోట. హెడ్ దించకుండా ఇంతకంటే దగ్గరికి వెళ్లలేం. ఆ రెండింటికీ హెడ్ దించక తప్పదు కాబట్టి అప్పుడు దించాం.

దించి చూస్తే నీటి రంధ్రానికీ రిటర్న్ రంధ్రానికీ మధ్య గాస్కెట్ అంచు తినేసి ఉంది, ఎదురుగా అల్యూమినియం హెడ్ మీద గుంటలు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే మధ్యలో 0.12 మిల్లీమీటరు వంపు ఉంది. ఇలాంటి హెడ్‌కి సాధారణంగా 0.05, మహా అయితే 0.1 దాకానే ఒప్పుకుంటారు. మీ ఇంజన్ లెక్క దాని సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. హెడ్‌ని లేత్ షాపులో వేడి నీళ్లలో ముంచి గాలి ఒత్తిడితో పరీక్ష చేయించాం, పగులు లేదని తేలాకే ఫేసింగ్ చేయించాం. ఈ వరస తప్పకూడదు. పగిలిన హెడ్‌కి ఫేసింగ్ డబ్బులు దండగ.

కారణం అడిగితే, బండి తుందుర్రు పక్క చెరువుల దగ్గర బోరు నీళ్లతో రేడియేటర్ నింపుకుంటూ వచ్చింది. మన డెల్టాలో సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోర్లలో ఉప్పు ఎక్కువ. ఉప్పునీళ్లు అల్యూమినియాన్ని నీటి రంధ్రాల అంచుల దగ్గరే ముందు తింటాయి, గాస్కెట్ ఆనేది కూడా అక్కడే. మీరు కూడా తగ్గినప్పుడల్లా ఏవి పోస్తున్నారో చూసుకోండి. కూలెంట్, బ్యాటరీ వాటర్ సగం సగం పోయాలి. దాంతోపాటు రేడియేటర్ గొట్టాల్లో పొర, థర్మోస్టాట్, ఫ్యాను కూడా చూపించండి. బండి ఒకసారైనా బాగా వేడెక్కిందేమో డ్రైవరుని నిదానంగా అడగండి, గట్టిగా అడిగితే చెప్పరు.

మీ పరీక్షలోనూ గాస్కెట్టే అని తేలితే మెకానిక్‌కి రెండు సంగతులు చెప్పండి. ఛాంబర్ దించి ఉండగానే ఒక బిగ్ ఎండ్ క్యాప్ విప్పి బేరింగ్ షెల్ చూడమనండి. పై పూత అరిగి రాగి రంగు తేలితే హెడ్ పనితో ఆగదు. రెండోది, చాలా డీజిల్ ఇంజన్లకి గాస్కెట్లు రెండు మూడు మందాల్లో వస్తాయి, అంచున గాట్లో రంధ్రాలో గుర్తుగా ఉంటాయి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత వస్తుందో కొలిచి దానికి తగ్గది తీసుకోవాలి. ఊరికే షాపులో ఉన్నది తెచ్చి వేయకూడదు. హెడ్ బోల్టులు టార్క్ తర్వాత డిగ్రీల లెక్కన తిప్పే రకమైతే పాతవి మళ్లీ వాడొద్దు. రేడియేటర్‌లో పోసే లీకు పౌడర్లు మాత్రం వద్దు, ఆయిల్ వైపు లీకుకి అవి పని చేయవు సరికదా రేడియేటర్, హీటర్ గొట్టాలు మూసుకుపోతాయి.

అంతా బిగించాక ఆయిల్ పోయకముందే, కూలెంట్ నింపి, ఛాంబర్ నట్టు తీసే ఉంచి, ఆ పంపుతోనే మూత మీద రాసినంత ఒత్తిడి కొట్టి గంటసేపు వదిలేయమనండి. మీటరు కదలక, పళ్లెం పొడిగా ఉంటే నట్టు బిగించి చవకరకం ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి పది, పదిహేను నిమిషాలు ఐడిల్‌లో నడపాలి. అది దించేస్తే మూలల్లో మిగిలిన తెల్లటి జిగురు చాలావరకు వచ్చేస్తుంది. అప్పుడు అసలు ఆయిల్, మరో కొత్త ఫిల్టర్. మొదటి 500 కిలోమీటర్లకి ఒకసారి మళ్లీ మార్చండి.